పోర్టల్‌లో రికమండేషన్ లెటర్ అడిగేటప్పుడు: సార్ ఈమెయిల్, వేవర్ టిక్

విశాఖలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. దసరా సెలవులు అయిపోయి అక్టోబర్ చివరికి వచ్చేసరికి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర పాత విద్యార్థులు కనిపించడం మొదలవుతుంది. "సార్, బాగున్నారా? ఒక ఎల్‌ఓఆర్ కావాలి సార్." ఒకప్పుడు ఈ పని కవరుతో జరిగేది. లెటర్‌హెడ్ మీద రాసి, కవర్ అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం పెట్టి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు లెటర్ మీ చేతికి రాదు. మీరు యూనివర్సిటీ పోర్టల్‌లో మా పేరు, ఈమెయిల్ ఇస్తారు, పోర్టల్ మాకు లింక్ పంపుతుంది, మేం లెటర్‌ను నేరుగా అక్కడే అప్‌లోడ్ చేస్తాం.

మీకు మీ వైపు స్క్రీన్ మాత్రమే కనిపిస్తుంది. అవతలి వైపు కూర్చుని లింకులు అందుకునేవాణ్ణి కాబట్టి ఏది ఎక్కడ ఆగిపోతుందో నాకు కొంచెం తెలుసు. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసేవాళ్ల కోసం. లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని అడిగే వేవర్ ప్రశ్న అక్కడి చట్టం నుంచి వచ్చింది, మనవాళ్లు ఎక్కువగా తడబడేదీ దాని దగ్గరే.

కిందటేడు మా ఈసీఈ పాత విద్యార్థిని ఒకమ్మాయి నాలుగు యూనివర్సిటీలకు అప్లై చేసింది. రుషికొండలో ఉద్యోగం చేస్తోంది. ముగ్గురు రిఫరీలు: ప్రాజెక్ట్ గైడ్‌గా నేను, సిగ్నల్స్ చెప్పి తర్వాత రిటైరైన ఒక సారు, ఆఫీసులో ఆమె మేనేజర్. ఆమె ఎక్కడెక్కడ ఆగిందో చూస్తే దాదాపు అన్నీ అందులోనే వస్తాయి.

పోర్టల్ తెరవకముందే

ముందు మనిషిని అడగాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. చెప్పకుండా పోర్టల్‌లో పేరు పెట్టేస్తే, తెలియని అమెరికా అడ్రస్ నుంచి ఇంగ్లిష్ మెయిల్, అందులో ఒక లింక్ వస్తాయి. ఓటీపీ మోసాల గురించి రోజూ పేపర్లో చదివే సారు దాన్ని నొక్కరు, డిలీట్ చేసేస్తారు. ఆయన తప్పేమీ లేదు.

సారు ఒప్పుకున్నాక మూడు విషయాలు అడగండి: పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి, ఇప్పటి హోదా ఏమిటి, ఏ ఈమెయిల్‌కి పంపాలి. ఈ మూడూ ఆయన చేతే వాట్సాప్‌లో టైప్ చేయించుకోండి. ఫోన్‌లో చెబుతుంటే విని రాసుకోవద్దు. ఈమెయిల్ ఐడీలో ఒకటి అంకె, చిన్న ఎల్ అక్షరం చూడ్డానికి ఒకేలా ఉంటాయి. "అండర్‌స్కోర్" అని ఆయన చెబితే మీరు హైఫన్ పెడతారు. జీమెయిల్ అయితే పేరులో చుక్క మర్చిపోయినా మెయిల్ చేరుతుంది, ఎందుకంటే జీమెయిల్ చుక్కల్ని లెక్కలోకి తీసుకోదు. కాలేజీ, కంపెనీ ఐడీలకు ఆ సదుపాయం ఉంటుందనుకోకండి. అక్కడ చుక్క తప్పితే అది వేరే అడ్రస్సే.

ఏ ఐడీ ఇవ్వాలి అన్నది అసలు ప్రశ్న. కాలేజీ డొమైన్ ఉన్న ఐడీ ఉంటే అదే మంచిది. లెటర్ రాసింది నిజంగా ఆ కాలేజీ మాస్టారేనని అవతలివాళ్లకు ఆ అడ్రస్ చూడగానే తెలుస్తుంది. కొన్ని యూనివర్సిటీలు సొంత జీమెయిల్ ఐడీలు వద్దని ముందే రాస్తాయి, ఆ పేజీ చదవండి. కానీ ఆయన కాలేజీ మెయిల్‌ను ఆర్నెల్లకోసారి చూసేవారైతే? అప్పుడు నిర్మొహమాటంగా అడగండి: "సార్, ఈ రెండింట్లో మీరు రోజూ చూసేది ఏది?" జీమెయిలే ఇవ్వాల్సి వస్తే, లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉండేలా, అందులో ఆయన ఫోన్ నంబరు, హోదా ఉండేలా చూడమనండి. డిపార్ట్‌మెంట్ ఉమ్మడి ఐడీ మాత్రం ఇవ్వకండి. హెచ్‌ఓడీ మారగానే దాని పాస్‌వర్డూ చేతులు మారుతుంది, మీ లింక్ ఎవరు తెరుస్తారో చెప్పలేం.

మా అమ్మాయి ఇక్కడే మొదటిసారి ఆగింది. రిటైరైన సారు ఐడీని ఆమె పాత ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదటి పేజీ నుంచి తీసుకుంది. అది కాలేజీ ఐడీయే, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ సారు రిటైరయ్యాక ఆ ఖాతాను మూసేశారు. ఈ సంగతి ఆమెకు తెలియడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ కథ కింద చెబుతాను.

ఇంకో పని కూడా ముందే చేయండి. మీ గురించి ఒక పేజీ రాసి ఇవ్వండి: ఏ బ్యాచ్, రోల్ నంబర్, ఆయన దగ్గర ఏ సబ్జెక్ట్ చదివారు, ఎన్ని మార్కులు, ప్రాజెక్ట్‌లో మీ చేత్తో చేసిన భాగం ఏది. ఏటా వందమందికి పైగా చూస్తాం. "థర్డ్ ఇయర్ ల్యాబ్‌లో ఫిల్టర్ పని చేయకపోతే సాయంత్రం ఆరుదాకా ఉండి కెపాసిటర్ విలువ తప్పని పట్టుకున్నాను" అని ఒక్క వాక్యం ఉంటే నాకు మనిషి గుర్తొస్తాడు, లెటర్ దానంతట అదే నడుస్తుంది. "హార్డ్ వర్కింగ్, సిన్సియర్" అని రాసిస్తే ఏమీ గుర్తు రాదు.

గళ్లు నింపడం

పోర్టల్‌లో లాగిన్ అయ్యాక `Recommendations` అనో `References` అనో ఒక పేజీ ఉంటుంది. అందులో `Add Recommender` లాంటి బటన్ నొక్కితే చిన్న ఫారం తెరుచుకుంటుంది. పేరు, సంస్థ, హోదా, మీతో సంబంధం, ఫోన్, ఈమెయిల్ అడుగుతుంది.

పేరు దగ్గర మన ఇంటిపేర్ల చిక్కు ఒకటుంది. మనకి ఇంటిపేరు ముందు, అది కూడా చాలాసార్లు ఒక్క అక్షరంగా. పోర్టల్‌కి `First Name`, `Last Name` విడివిడిగా కావాలి. ఇంటిపేరు పూర్తిగా `Last Name`లో, సొంత పేరు `First Name`లో పెట్టండి. "డాక్టర్", "ప్రొఫెసర్" లాంటివి పేరు గడిలో కలపకండి, వాటికి `Prefix` అని వేరే గడి ఉంటుంది. లెటర్ కింద ఆయన సంతకం పెట్టే పేరూ, మీరిచ్చిన పేరూ ఒకే మనిషివని చదివేవాళ్లకు తెలిస్తే చాలు.

ఈమెయిల్ గడిలో కాపీ-పేస్ట్ చేయండి. చేశాక చివర్న ఖాళీ గానీ, వాక్యం చివరి చుక్క గానీ అంటుకొచ్చిందేమో చూడండి. వాట్సాప్ మెసేజ్ నుంచి తీసినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. తర్వాత ఆ ఐడీని అక్షరం అక్షరం పైకి చదవండి. `gmail.com` బదులు `gmail.co` అని ఉన్నా పోర్టల్ అడ్డు చెప్పదు. దానికి కావలసింది `@` గుర్తూ, ఒక చుక్కా, అంతే. ఆ అడ్రస్‌లో మనిషి ఉన్నాడో లేడో అది చూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఊళ్లోని ఒక కన్సల్టెన్సీ మా విద్యార్థి ఒకడి అప్లికేషన్ నింపుతూ, నా పేరుతో వాళ్లే ఒక జీమెయిల్ తెరిచి, వాళ్లే లింక్ అందుకుని, వాళ్లే లెటర్ పెట్టేశారు. ఆ యూనివర్సిటీ నిర్ధారణ కోసం నా కాలేజీ ఐడీకి మెయిల్ రాసేదాకా నాకు తెలియదు. నేను రాయలేదని జవాబిచ్చాను. ఇంకేం రాయగలను? కుర్రాడు వచ్చి ఏడ్చాడు, వాడికీ తెలియదట. కానీ అప్లికేషన్ కింద సంతకం వాడిదే. ఫీజు కట్టి ఎవరి సాయమైనా తీసుకోండి గానీ, రిఫరీ పేజీ మాత్రం మీరే కూర్చుని నింపండి. సారు లింక్ మీకు ఫార్వర్డ్ చేసి "నువ్వే పెట్టేసుకో అమ్మా" అన్నా తెరవకండి. లెటర్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిందో చాలా పోర్టళ్లు నమోదు చేసుకుంటాయి.

వేవర్: ఆ ప్రశ్న అడిగేదేమిటి

ఈమెయిల్ గడి కిందే సాధారణంగా ఒక పేరా, దాని కింద రెండు ఎంపికలు ఉంటాయి. మాటలు యూనివర్సిటీని బట్టి మారతాయి, సారం ఇలా ఉంటుంది:

```
I waive my right to access this recommendation.
I do not waive my right to access this recommendation.
```

చాలామంది "యాక్సెస్" అన్న మాట చూసి, అదేదో మంచిదే కదా అని రెండోది నొక్కేస్తారు. `waive` అంటే వదులుకోవడం. మొదటిది నొక్కితే "ఈ లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నాను" అని. రెండోది నొక్కితే "ఆ హక్కు నా దగ్గరే ఉంచుకుంటున్నాను" అని. కొన్ని పోర్టళ్లు ప్రశ్నను `Yes`, `No`లతో అడుగుతాయి. ప్రశ్న "వదులుకుంటారా" అని ఉందా, "ఉంచుకుంటారా" అని ఉందా చూడకుండా `Yes` నొక్కితే మీరనుకున్నదానికి సరిగ్గా తిరగబడుతుంది. తొందరపడకుండా పేరా మొత్తం ఒకసారి చదవండి, నాలుగు లైన్లే.

ఈ హక్కు ఎక్కడిదంటే, అమెరికాలో 1974లో వచ్చిన ఒక చట్టానిది. అందరూ ఫెర్పా అంటారు. యూనివర్సిటీ తన దగ్గర ఉంచుకున్న రికార్డుల్లో విద్యార్థి తన గురించి ఉన్నవి చూసుకోవచ్చని అది చెబుతుంది. రికమండేషన్ లెటర్లు కూడా ఆ రికార్డుల్లోకే వస్తాయి. అయితే వాటి విషయంలో హక్కును రాతపూర్వకంగా వదులుకునే వీలు కూడా ఆ చట్టమే ఇచ్చింది. మీరు నొక్కే ఎంపిక, కింద టైప్ చేసే పేరు, ఆ రాతపూర్వకమైన సంతకమే.

మీరు ఉంచుకునేది ఎంతో కూడా చూడండి. ఈ హక్కు మీకు వచ్చేది ఆ యూనివర్సిటీలో సీటొచ్చి చేరాకే. సీటు రాలేదనుకోండి, "ఏ లెటర్ వల్ల పోయిందో చూస్తాను" అనడానికి ఈ చట్టం పనికిరాదు. చేరాక కూడా ఆ లెటర్ ఫైల్‌లో ఉండి తీరాలని లేదు. ఎవరూ అడగనంతవరకు పాత లెటర్లు దాచి ఉంచమని చట్టం చెప్పదు. అంటే హక్కు ఉంచుకున్నవాళ్లకు మిగిలేది ఇంతే: సీటొస్తే, చేరితే, లెటర్ ఇంకా ఉంటే, అడిగి చూసుకోవచ్చు.

ఇక పోయేది ఏమిటి? మేం లింక్ తెరిచినప్పుడు విద్యార్థి హక్కు వదులుకున్నాడో లేదో మాకు కనిపిస్తుంది. వదులుకోలేదని ఉంటే, మనసులో ఉన్నది ఉన్నట్టు రాయడానికి కొందరు జంకుతారు. కొందరు అసలు రాయనే రాయరు. అవతల చదివే కమిటీవాళ్లు కూడా, విద్యార్థి చూస్తాడని తెలిసి రాసిన పొగడ్తకు తక్కువ విలువ ఇవ్వొచ్చు. కాబట్టి నా సలహా వదులుకోమనే. మీరు నమ్మని మనిషినైతే అసలు రిఫరీగా పెట్టుకోకండి. అనుమానంతో హక్కు ఉంచుకుని ఆయన చేతే రాయించుకోవడం కన్నా అది నయం.

అలాగని భయపడి నొక్కాల్సిన పని లేదు. హక్కు వదులుకుంటేనే అడ్మిషన్ ఇస్తామని షరతు పెట్టే అధికారం యూనివర్సిటీకి చట్టప్రకారం లేదు. ఎంపిక మీదే.

విద్యార్థులు నన్ను అడిగే రెండు సందేహాలు. వేవర్ ఇచ్చాక సారు తనంతట తాను లెటర్ చూపిస్తే తప్పా? తప్పు కాదు. మీరు వదులుకున్నది యూనివర్సిటీని అడిగే హక్కు. రాసిన మనిషి తన కాపీ మీకు చూపించాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. నేనైతే చూపించను, మా పక్క టేబుల్ మేడమ్ అప్‌లోడ్ చేశాక చూపిస్తారు. రెండోది, మన దగ్గర మామూలైపోయిన "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను". ఇందులోని వింత చూడండి. చూడనని సంతకం పెట్టిన లెటర్‌ను మీరే రాస్తున్నారు. ముగ్గురు రిఫరీల లెటర్లూ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవాళ్లకు తెలియకుండా ఉండదు. సారు అలా అంటే, పైన చెప్పిన ఒక పేజీ నోట్ ఇచ్చి, "సార్, పాయింట్లు ఇందులో ఉన్నాయి, మాటలు మీవైతే బాగుంటుంది" అనండి. చాలామంది కాదనరు.

పంపాక ఏం చేయాలి

ఈ ఎంపికకు పేరు టైప్ చేసి `Send to Recommender` నొక్కితే మెయిల్ వెళ్లిపోతుంది. నొక్కకుండా `Save` మాత్రమే చేస్తే వెళ్లకపోవచ్చు. కొన్ని పోర్టళ్లు మాత్రం అప్లికేషన్ సబ్మిట్ చేసి ఫీజు కట్టాకే రిఫరీలకు మెయిల్ పంపుతాయి. ఇది తెలియక, డిసెంబర్ 15 గడువున్న అప్లికేషన్‌ను 14 రాత్రి సబ్మిట్ చేసి, 15 పొద్దున్నే "సార్, లెటర్ ఇంకా పెట్టలేదేంటి" అని ఫోన్ చేసినవాళ్లున్నారు. నాకు మెయిల్ వచ్చిందే ఆ పొద్దున. మీ పోర్టల్ ఏ రకమో ముందే సూచనల పేజీలో చూడండి.

మెయిల్ వెళ్లగానే అదే గంటలో సారుకి వాట్సాప్ పెట్టండి: "సార్, ఫలానా యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చి ఉంటుంది. ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్‌లో చూడండి. గడువు ఫలానా తేదీ." ఆయన "వచ్చింది" అనేదాకా ఆ పని అయిపోలేదనే అనుకోండి. పోర్టల్‌లో `Sent` అని కనిపించడం వాళ్లు పంపారనే చెబుతుంది, ఈయనకు అందిందని చెప్పదు. మూసేసిన ఐడీకి వెళ్లిన మెయిల్ తిరిగొచ్చినా అది యూనివర్సిటీ సర్వర్‌కే వస్తుంది, మీకు చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు.

మా అమ్మాయికి జరిగింది అదే. పదిహేను రోజులు `Sent` చూసి నిశ్చింతగా ఉంది. సారు బిజీగా ఉన్నారేమో, అడిగితే బాగోదేమో అనుకుంది. చివరికి ఎంవీపీ రైతుబజార్‌లో ఆయనే ఎదురై, "ఏమ్మా, లింక్ పంపిస్తానన్నావు, ఏదీ?" అన్నారు.

అలాంటప్పుడు దిద్దుబాటు ఇలా. ఒకసారి పంపాక చాలా పోర్టళ్లలో ఈమెయిల్ మార్చడం కుదరదు. ఆ రిఫరీని తెరిచి `Exclude` లాంటి ఎంపికతో పక్కన పెట్టి, సరైన ఐడీతో కొత్తగా చేర్చాలి. వేవర్ ప్రశ్న మళ్లీ వస్తుంది, మళ్లీ చూసుకుని నొక్కాలి. రిటైరైన సారుకి జీమెయిల్ పెట్టి, హోదాలో రిటైర్డ్ ప్రొఫెసర్ అని, సంస్థ గడిలో ఆయన పని చేసిన కాలేజీ పేరు పెట్టింది. తప్పుడు ఐడీ నిజంగా ఇంకెవరిదో అయితే ఈ పక్కన పెట్టే పని వెంటనే చేయాలి, లేకపోతే మీ లింక్ పరాయి మనిషి దగ్గర ఉండిపోతుంది.

వేవర్ పొరపాటున తప్పు నొక్కినా దారి దాదాపు ఇదే. సారు ఇంకా అప్‌లోడ్ చేయకపోతే, పక్కన పెట్టి మళ్లీ చేర్చి చూడండి. అదే ఐడీని పోర్టల్ మళ్లీ తీసుకోకపోతే, లేదా లెటర్ అప్పటికే వెళ్లిపోతే, అప్లికేషన్ నంబర్ రాసి అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. పొరపాటున నొక్కాను, వదులుకుంటున్నాను అని రెండు లైన్లు చాలు.

నాలుగు యూనివర్సిటీలంటే ఒక్కో రిఫరీకి నాలుగు మెయిళ్లు, నాలుగు లింకులు. ఒకదాంట్లో పెట్టిన లెటర్ ఇంకోదాంట్లోకి దానంతట అది వెళ్లదు. లెటర్‌తో పాటు "ఎన్నేళ్లుగా తెలుసు, తరగతిలో ఏ స్థాయి" అని గళ్ల ఫారం కూడా ప్రతిసారీ నింపాలి. అందుకే నాలుగింటినీ ఒకే వారంలో పంపండి, గడువుల వరసలో ఒక చిన్న పట్టిక ఇవ్వండి. ఒకేసారి కూర్చుని ముగిస్తాం. మూడు వారాలు చేతిలో ఉంటే మాకు ఇబ్బంది లేదు.

గడువు వేళ కూడా చూసుకోండి. డిసెంబర్ 15 రాత్రి 11:59, ఈస్టర్న్ టైమ్ అంటే మనకు 16 ఉదయం 10:29. పసిఫిక్ టైమ్ అయితే 16 మధ్యాహ్నం 1:29. ఇది మీ ధైర్యం కోసమే, సారుకి మాత్రం 12వ తేదీ అని చెప్పండి. జనవరి 15 గడువులతో ఇంకో చిక్కు ఉంది, అవి నేరుగా సంక్రాంతిలో పడతాయి. కాలేజీకి సెలవులు, సార్లు ఊళ్లకు వెళ్లిపోతారు, లెటర్‌హెడ్ కాగితాలు డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉండిపోతాయి. మా అమ్మాయి నాలుగో యూనివర్సిటీ గడువు అదే. రిటైరైన సారు భోగికి శ్రీకాకుళం వైపు సొంతూరు వెళ్తున్నారని తెలిసి, 9వ తేదీకే పోర్టల్‌లోని `Send Reminder` నొక్కి, ఫోన్ కూడా చేసింది. ఆయన 11న పెట్టేశారు. ఆమె స్క్రీన్ మీద ఆయన పేరు పక్కన `Received` అనీ, తేదీ అనీ వచ్చాయి. లెటర్ తెరవడానికి అక్కడ లింకేమీ ఉండదు.